పెంకు లోపలి పనితనం

సిరొంచలో మా పెద్దమ్మ ఇంట్లో గుడ్లకు మూడు చోట్లున్నాయి. వంటింటి మూలన బియ్యం పోసిన కుండ ఒకటి, వసారాలో తడి ఇసుక మీద కూర్చోబెట్టిన వెడల్పాటి మట్టి చట్టి ఒకటి, ఆరేళ్ల కింద కొన్న ఒంటి తలుపు ఫ్రిజ్జు ఒకటి. ఏ నెలలో ఏ గుడ్డు ఎక్కడికి పోవాలో ఆమెకు ఖాయంగా తెలుసు. ఎందుకని అడిగితే మాత్రం, "మేలో గీడ పెడితే మురుగుతయి బిడ్డా" అని ఊరుకుంటుంది. ఆ ఒక్క మాటకు వెనకున్న కారణాలు వెతుక్కుంటూ పోతే నాకు ముందుగా ఎదురైంది ఫ్రిజ్జు కాదు, గుడ్డే. దాచుకోవడానికి చేసిన వస్తువుల్లో అంత పనితనం ఉన్నది నేను మరొకటి చూడలేదు.

సిరొంచ సంగతి తెలియనివారికి ఒక ముక్క. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం ఇది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు పక్కనే. గోదావరి దాటితే కాళేశ్వరం, తెలంగాణ. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేసినప్పటి నుంచీ కాగితాలన్నీ మరాఠీలోనే నడుస్తున్నా, ఇళ్లలో, సంతలో తెలుగు వినిపిస్తుంది. దుకాణంలో "అండే" అని అడిగినా, "గుడ్లు" అని అడిగినా ఒకే అట్ట కిందికి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలు. రాత్రి కూడా పెంకులు, గోడలు వేడి కక్కుతుంటే ఇంట్లో 30కి దిగడమే గగనం. ఈ రాత్రి లెక్కే మన కథకు ముఖ్యం.

ఇక గుడ్డు. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. దాని కడుపులో గుడ్డు తయారవడానికి ఒక రోజు పైచిలుకు పడితే, అందులో 18 నుంచి 20 గంటలు ఒక్క పెంకు కట్టడానికే పోతాయి. పెంకు మందం మిల్లీమీటరులో మూడో వంతు. చాలావరకు సున్నమే. ఆ సున్నంలో వేల కొద్దీ సూది రంధ్రాలు, ఒక్కో గుడ్డుకు ఏడు వేల నుంచి పదిహేడు వేల దాకా ఉంటాయి. లోపల పిల్ల పెరిగితే దానికి గాలి కావాలి కాబట్టి గోడలో ఇన్ని కిటికీలు. కిటికీ ఉంటే దొంగ కూడా దూరతాడు కదా? అందుకని పెట్టడానికి ముందు చివరి దశలో కోడి ఆ గుడ్డు మీద ఒక తడి పూత పూస్తుంది. బయటికి రాగానే రెండు మూడు నిమిషాల్లో ఆరిపోయి, రంధ్రాల నోళ్లకు పల్చని మూతలా నిలుస్తుంది. గాలి పోనిస్తుంది, క్రిమిని ఆపుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డు చేతికి కాస్త గరుకుగా, సున్నం వేసిన గోడలా తగిలేది ఈ పూత వల్లనే.

పెంకు దాటితే రెండు పొరలు. అవి దాటితే తెల్లసొన. తెల్లసొనను మనం పచ్చసొన చుట్టూ ఉన్న మెత్తటి పరుపు అనుకుంటాం. నిజానికి అది కందకం. అందులో క్రిముల గోడలను కరిగించే లైసోజైమ్ ఉంది. అంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటుంది. క్రిమి పెరగాలంటే దానికి ఇనుము కావాలి. తెల్లసొనలో ఇనుమును గట్టిగా పట్టుకుని వదలని ఒక ప్రొటీన్ ఉంది. అంటే లోపలికి దూరినవాడికి తిండి లేకుండా చేయడం. చంపడానికి కొంత, మాడ్చడానికి కొంత. పైగా పెట్టినప్పటి తెల్లసొన, లోపలి బొగ్గుపులుసు గాలి రంధ్రాల గుండా బయటికి పోతున్న కొద్దీ క్షారంగా మారుతుంది. కొన్ని రోజుల్లో అది సబ్బునీళ్లంత క్షారం. అందులో బతకడం చాలా క్రిములకు కష్టం. పాత గుడ్డు ఉడికిస్తే పెంకు సులువుగా ఊడి వచ్చేది కూడా ఈ క్షారం వల్లే. నిన్న పెట్టిన నాటుకోడి గుడ్డు ఉడకబెట్టి ఒలవబోతే సగం తెల్లసొన పెంకుతో ఊడివస్తుందని విసుక్కునేవారు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అయితే ఇనుము అంతా ఎక్కడుంది? పచ్చసొనలో. కొవ్వు, విటమిన్లు, ఇనుము అన్నీ ఆ ధాన్యాగారంలోనే. దానికి తలుపు ఒక్కటే, పచ్చసొనను చుట్టి ఉన్న సన్నటి పొర. రెండు వైపులా మెలి తిరిగిన తెల్లటి తాళ్లు దాన్ని గుడ్డు నడుమ వేలాడదీసి, గోడకు తగలకుండా ఉంచుతాయి. గుడ్డు పగలగొట్టినప్పుడు ఆ తాళ్లను చూసి ఏదో పురుగు అనుకుని తీసి పారేసేవాళ్లున్నారు. నిజానికి ఆ తాళ్లు స్పష్టంగా కనబడితే గుడ్డు తాజాదని.

వేడి పని చేసేది ఈ తలుపు మీద. గది వేడెక్కిన కొద్దీ చిక్కటి తెల్లసొన నీళ్లబారుతుంది. అందులోని నీరు పచ్చసొనలోకి దిగుతుంది, పొర సాగుతుంది, పల్చబడుతుంది. చివరికి పచ్చసొనలోని ఇనుము, తిండి బయటికి ఊరడం మొదలవుతుంది. అక్కడితో కందకం పని ముగిసినట్టే. బ్రిటన్‌లో టామ్ హంఫ్రీ వంటివారు గుడ్లలోని సాల్మొనెల్లా మీద చేసిన పనిలో తేలింది ఇదే. 20 డిగ్రీల గదిలో ఈ పొర దాదాపు మూడు వారాలు నిలబడుతుంది, అప్పటిదాకా లోపల క్రిమి ఉన్నా పెద్దగా పెరగదు. 30 డిగ్రీల దగ్గర ఆ గడువు కొద్ది రోజులకు పడిపోతుంది. తలుపు ఒకసారి తెరుచుకున్నాక, ఒంటి వేడంత వేడిలో సాల్మొనెల్లా దాదాపు అరగంటకోసారి రెట్టింపవగలదు. అదే ఫ్రిజ్జులోని 4, 5 డిగ్రీల దగ్గర దాని పెరుగుదల ఆగిపోతుంది. చావదు, ఆగుతుంది. ఈ తేడా మరువకూడదు. క్రిమి చావాలంటే పొయ్యే గతి. పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. నాకూ వచ్చింది. పెద్దమ్మ కోడి పొదిగినప్పుడు అదే గుడ్డు 38 డిగ్రీల వేడిలో 21 రోజులు ఉంటుంది కదా, అప్పుడెందుకు మురగదు? మొదటి సంగతి, పొదిగే గుడ్డు బతికి ఉంది. పిల్ల పెరుగుతూ పచ్చసొనను తనలోకి తీసుకుంటూ పోతుంది. రెండోది, పొదిగిన గుడ్లలో కూడా కొన్ని మురుగుతాయి. పెద్దమ్మ వాటిని ఎనిమిదో రోజు రాత్రి టార్చి వెలుగుకు పెట్టి చూసి తీసేస్తుంది.

ఆ మాటకొస్తే మే నెలలో సిరొంచలో నాటుకోడి గుడ్డుకు ఉన్న అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంటి కోళ్ల మందలో పుంజు ఉంటుంది కాబట్టి ఆ గుడ్లలో చాలావాటిలో పిల్ల విత్తనం ఉంటుంది. ఆ విత్తనం దాదాపు 20 డిగ్రీల కింద నిద్రపోతుంది. అంతకు మించితే నెమ్మదిగా కదులుతుంది. ఇప్పుడు రాత్రి లెక్క గుర్తుచేసుకోండి. మేలో ఈ ఇంట్లో ఏ మూలా, ఏ గంటలోనూ 20కి దిగదు. అంటే బుట్టలో పెట్టిన నాటు గుడ్డు కోడి లేకుండానే సగం సగం పొదుగుతోంది. పిల్లగా మారడానికి సరిపోని వేడి, ఆగడానికి సరిపోని చల్లదనం. రెండు మూడు రోజుల్లో లోపల నెత్తురు వలయం ఒకటి ఏర్పడి, విత్తనం చచ్చిపోతుంది. చచ్చినదాన్ని కాపాడే పని గుడ్డులో ఎవరికీ లేదు. అందుకే ఎండాకాలంలో నాటు గుడ్డు, ఫారం గుడ్డు కంటే ముందు చెడుతుంది. ఫారంలో పుంజు ఉండదు, ఆ గుడ్డులో పెరిగేదేమీ లేదు. నాటు గుడ్డే గట్టిది, ఫారం గుడ్డు ఉత్త నీళ్లు అని వాదించేవారు రుచి విషయంలో గెలవొచ్చు గానీ మే నెల నిల్వ విషయంలో ఓడిపోతారు.

పెద్దమ్మ మూడు చోట్ల సంగతికి వద్దాం. బియ్యం కుండను నేను మొదట్లో చాలా మెచ్చుకునేవాణ్ణి. గింజల మధ్య గాలి నిలిచి ఉండడం వల్ల బయటి వేడి లోపలికి మెల్లగా దిగుతుంది. ఒకదానికొకటి తగలకపోవడం వల్ల పగుళ్లు కూడా రావు. డిసెంబరులో, రాత్రి చలి బాగా ఉన్నప్పుడు, ఆ కుండలో గుడ్లు రెండు వారాలు హాయిగా ఉంటాయి. మేలో మాత్రం కుండ చేసేది ఎంత? మధ్యాహ్నపు 42ని, తెల్లవారుజామున 30ని కలిపి చదును చేస్తుంది. లోపల ఎప్పుడూ 36 ఉంటుంది. వేడి మంటను తప్పించుకున్న గుడ్డు వేడి సగటును తప్పించుకోలేదు. గింజలు ఎన్ని పోసినా చల్లదనాన్ని పుట్టించలేవు కదా.

తడి చట్టి అలా కాదు, అది నిజంగా చల్లబరుస్తుంది. వెడల్పాటి గంపలో ఇసుక పోసి, నీళ్లు చల్లి, దాని మీద పొడి చట్టి పెట్టి, గుడ్లు అందులో పేర్చి, పైన పల్చటి తడి గుడ్డ. గాలి తగిలే వసారాలో, ఎండ పడని చోట. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1980లలో ఇటుక గోడల మధ్య తడి ఇసుక నింపి కూరగాయలకు చేసిన చల్లని గది కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. మే నెల గాలి 44 డిగ్రీల దగ్గర, తేమ 15 శాతం ఉన్నప్పుడు లెక్క ప్రకారం తడి వస్తువు 23 దాకా దిగవచ్చు. ఇంటి చట్టి అంత గట్టిగా పనిచేయదు గానీ 28 దగ్గర ఆగుతుంది. 36కి 28కి తేడా గుడ్డుకు తెలుస్తుంది. రెండు రోజులు నిలిచేది నాలుగైదు రోజులు నిలుస్తుంది.

పెద్దమ్మ చట్టిలో నాకు నచ్చిన పనితనం ఒకటుంది. ఆమె గుడ్డు మీద ఎప్పుడూ నీళ్లు పడనివ్వదు. తడి అంతా చట్టి బయటే. చట్టి అడుగున ఎండిన గడ్డి పరిచి, దాని మీద గుడ్లను మొన కిందికి, మొద్దు వైపు పైకి నిలబెడుతుంది. మొద్దు వైపున గాలి అర ఉంటుంది. అది పైన ఉంటే పచ్చసొన దానికి తగలకుండా నడుమ నిలుస్తుంది. గడ్డి తడిసిందంటే ఆరోజే మారుస్తుంది. పెంకు తడిగా ఉంటే బూజు పట్టి, రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది. జూన్‌లో వానలు పడ్డాక ఈ చట్టి పనికిరాదు. గాలిలో తేమ ఎక్కువైతే నీరు ఆవిరవదు, చల్లబడదు, మిగిలేది బూజు ఒక్కటే. అప్పుడు ఆమె చట్టిని బోర్లించి మిద్దె మీద పెట్టేస్తుంది.

ఫ్రిజ్జు దగ్గరికి వస్తే, గుడ్డు ఏ బరువుతో లోపలికి పోయిందో దాదాపు అదే బరువుతో ఉండడం మొదటి లాభం. 55 గ్రాముల గుడ్డు పొదుగుడు పెట్టెలో రోజుకు మూడో వంతు గ్రాము నీరు పోగొట్టుకుంటుంది. మే నెల పొడిగాలిలో, 36 డిగ్రీల దగ్గర అది అరగ్రాము దాకా పోవచ్చు. ఫ్రిజ్జులో అందులో పదో వంతు కూడా పోదు. గాలి అర పెద్దదవ్వదు, తెల్లసొన నిలబడుతుంది, విత్తనం నిద్రలోనే ఉంటుంది. రోజుల గుడ్డు వారాల గుడ్డవుతుంది. ఫారం గుడ్లు కొనగానే ఫ్రిజ్జులో పెడితే మూడు వారాలు నిశ్చింతగా వాడుకోవచ్చు.

కానీ ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్జు చేసినవాళ్లే తలుపులో గుడ్లకు గుంటలు పెట్టి ఇస్తారు. అది నాకెప్పుడూ వింతే. రోజుకు ఇరవై సార్లు తెరిచి మూసే తలుపు ఆ పెట్టెలో అన్నిటికంటే వేడి చోటు. వంటింట్లో 40 ఉన్నప్పుడు తెరిచిన ప్రతిసారీ ఆ గాలి ముందు తగిలేది గుడ్లకే. పెద్దమ్మ తలుపు గుంటల్లో నిమ్మకాయలు పెట్టి, గుడ్లను నడి అరలో, లోపలి గోడకు కాస్త దూరంగా, మూత ఉన్న స్టీలు డబ్బాలో ఉంచుతుంది. మూత ఎందుకంటే ప్రాణహిత ఎండు చేపలు కూడా ఆ ఫ్రిజ్జులోనే ఉంటాయి. వేల రంధ్రాలున్న గుడ్డు ఆ వాసన పట్టుకుంటే ఆమ్లెట్‌లో తెలుస్తుంది. గోడకు దూరంగా ఎందుకంటే ఒంటి తలుపు ఫ్రిజ్జులో మంచుపెట్టె దగ్గర గుడ్డు గడ్డకట్టి పెంకు పగులుతుంది.

కడిగి పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. కడగకూడదు. అమెరికాలో గుడ్లు కడిగే అమ్ముతారు, అందుకే అక్కడ ఫ్రిజ్జు తప్పనిసరి చేశారు. ఐరోపాలో చాలాచోట్ల కడగరు, పూత చెడకుండా ఉంచి బయటే అమ్ముతారు. ఎవరి పద్ధతి వారికి సరిపోయింది, వారి వాతావరణం కూడా వేరు. మన ఊరి గుడ్డుకు పూత ఉంది, వాతావరణం మాత్రం ఐరోపాది కాదు. కాబట్టి పూతా ఉండాలి, చల్లదనమూ ఉండాలి. రెట్ట అంటితే పొడి బట్టతో తుడవాలి. కడగక తప్పదనుకుంటే పగలగొట్టే ముందు, అదీ గుడ్డు కంటే కాస్త గోరువెచ్చని నీటితో. చన్నీళ్లు పోస్తే లోపలిది కుంచించుకుని, పెంకు మీది మురికిని రంధ్రాల గుండా తానే లోపలికి పీల్చుకుంటుంది.

ఫ్రిజ్జు చెడ్డపేరు తెచ్చుకునేది ఒక్క విషయంలో. లోపలికీ బయటికీ తిప్పడం. 4 డిగ్రీల గుడ్డును బయట పెడితే చెమట పడుతుంది. మేలో గాలి ఎంత పొడిగా ఉన్నా, 11, 12 డిగ్రీల కింద ఉన్న దేని మీదైనా తేమ కూర్చుంటుంది. జులైలో అయితే గుడ్డు మీద నీళ్లు కారుతాయి. ఆ తడి పూతను నానబెడుతుంది, క్రిములకు దారి చూపుతుంది. తీసిన గుడ్డు తీసినట్టే పొయ్యి మీదికి పోతే ఏ బాధా లేదు. డజను బయట పెట్టి, నాలుగు వాడి, మిగతా ఎనిమిది మళ్లీ లోపల పెట్టడమే తప్పు. ఉడికించిన గుడ్డు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఉడికేటప్పుడు పూత పోతుంది, తెల్లసొన కాపలా కూడా పోతుంది. పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డే త్వరగా చెడుతుంది. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకు మించి బయట ఉంచకూడదు. అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టే చోట ఇది రోజువారీ ప్రశ్న. నదికి అవతల తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు గుడ్డు ఇస్తున్నారు. ఇవతల మహారాష్ట్రలో గిరిజన ప్రాంతాలకు అమృత్ ఆహార్ పథకం ఉంది. ఫ్రిజ్జు లేని చోట ఉడికించిన పూటే తినిపించడం కంటే మంచి నిల్వ పద్ధతి లేదు.

పోయిన మేలో ఒక వారం ఆ ఇంట్లో ఉన్నాను. సోమవారం పొద్దున ముప్పై గుడ్ల అట్ట వచ్చింది. అట్ట ఎన్నాళ్లు లారీలో, ఎన్నాళ్లు దుకాణం రేకుల కింద ఉందో ఎవరూ చెప్పలేరు కాబట్టి పెద్దమ్మ మొదట రెండు గుడ్లు తీసి గిన్నె నీళ్లలో వేసింది. ఒకటి అడుగున పడుకుంది. ఇంకొకటి అడుగునే ఉండి మొద్దు వైపు పైకెత్తి నిలబడింది. పడుకున్నది తాజాది, నిలబడింది ముసలిది, తేలితే పారేయాలి. ఈ పరీక్ష గుడ్డు వయసును చెబుతుందే గానీ లోపల సాల్మొనెల్లా ఉందో లేదో చెప్పదు. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. పరీక్షకు తడిసిన రెండూ ఆ పూటే కూరలోకి పోయాయి. మిగతా ఇరవై ఎనిమిది డబ్బాల్లోకి, నడి అరకు.

అదే రోజు ఇంటి కోళ్లు మూడు గుడ్లు పెట్టాయి. 43 డిగ్రీల వసారాలో పెట్టిన గుడ్డుకు చల్లబడే అవకాశమే లేదు, చేతికి తీసుకుంటే కోడి ఒంట్లోంచి అప్పుడే వచ్చినట్టే ఉంది. వాటిని ఆమె చట్టిలో ఒక గంట ఉంచి, ఆ తర్వాత ఫ్రిజ్జులో వేరే గిన్నెలో పెట్టింది. "ఫారం వాటితోని కలపొద్దు, ఇవి ముందుగాల తినాలె" అంది.

గురువారం సాయంత్రం గాలిదుమారం లేచింది. ఎక్కడో చెట్టు తీగల మీద పడి రాత్రంతా కరెంటు లేదు. ఆమె ఫ్రిజ్జు తలుపు తెరవనివ్వలేదు. నాలుగు గంటల దాకా మూసిన తలుపు చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. తెల్లారి కరెంటు వచ్చేసరికి పది గంటలైంది. డబ్బా ముట్టుకుంటే చల్లగా లేదు, వేడిగా లేదు. అమెరికా నియమం ప్రకారమైతే అవన్నీ పారేయాలి. అది కడిగిన గుడ్లకు రాసిన నియమం, పైగా పారేయడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. నేను చెప్పినది, ఆమె అప్పటికే అనుకున్నది ఒకటే అయింది. వాటిని మళ్లీ నిల్వకు లెక్కపెట్టకూడదు, సగం ఉడికినవి, పచ్చసొన కారే ఆమ్లెట్లు వద్దు. నాటు గుడ్లు మూడూ ఆ పొద్దునే గట్టిగా ఉడికించాం. మిగిలిన ఫారం గుడ్లలో ఎనిమిది ఇంట్లో కూరకు ఉంచి, తక్కినవి పక్కింటి పెళ్లిపనుల వంటకు ఇచ్చేశాం, ముందే సంగతి చెప్పి.

ఉడికిన నాటు గుడ్లలో ఒకటి కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత ఉంది. నేను చెడిందేమో అన్నాను. అది ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో పచ్చసొన ఇనుము, తెల్లసొన గంధకం కలిసి గీసిన గీతే. తింటే ఏమీ కాదు. ఆ ఇనుము గురించే అంత సేపు చదివినవాణ్ణి, కళ్లముందు కనబడితే గుర్తుపట్టలేకపోయాను. నాటు గుడ్లు కూరలోకి చాలవని పెద్దమ్మ డబ్బాలోంచి ఒక ఫారం గుడ్డు తీసి చదునైన కంచంలో పగలగొట్టింది. నాలుగు రోజులు ఫ్రిజ్జులో, ఒక రాత్రి చీకట్లో గడిపిన గుడ్డు. పచ్చసొన గుండ్రంగా ఎత్తుగా నిలబడింది, దాని చుట్టూ చిక్కటి తెల్లసొన గట్టు కట్టినట్టుంది, అటూ ఇటూ రెండు తెల్ల తాళ్లు. ఆమె కంచాన్ని కొంచెం వంచి చూసి, జారలేదని తలూపి, మూకుట్లోకి వంచింది.